గీతల వరస నేర్చుకున్న మూడు వారాలు

నా దస్తూరి ముత్యాల కోవ అని చిన్నప్పటి నుంచి అందరూ పొగిడి పొగిడి నన్ను పాడుచేశారు. స్కూల్లో తెలుగు దస్తూరికి ఒక స్టీలు గిన్నె, హిందీ దస్తూరికి ఒక సబ్బుపెట్టె గెలుచుకున్నాను. అంచేత ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం నా స్నేహితురాలు మా క్వార్టర్‌కి ఆయాసపడుతూ వచ్చి, తనకి మూడు వారాల్లో చైనా అక్షరాలు నేర్పాలని అడిగితే, సరే అనేశాను. నాకు ఒక్క చైనా అక్షరమూ రాదన్న సంగతి అప్పుడు పెద్ద అడ్డంకిగా కనబడలేదు.

ఇందులో చిత్రమేమిటంటే, చైనా వాళ్ల పిల్ల అది, శ్రీకాకుళం పిల్లని నేను. మా నాన్న భిలాయి స్టీలు ప్లాంటులో, కోక్ ఓవెన్స్ దగ్గర పనిచేసేవాడు. దాని నాన్న పళ్ల డాక్టరు. కలకత్తాలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక భిలాయి వచ్చి, పవర్ హౌస్ దగ్గర చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఊళ్లో సగంమంది ముసలాళ్ల కట్టుడు పళ్లు ఆయన చేతివే. వాళ్లింట్లో వాళ్ల హక్కా భాష మాట్లాడుకునేవాళ్లు గానీ దానికి చదవడం, రాయడం రాదు. వాళ్లమ్మకీ రాదు. దానికి హిందీ అక్షరాలు, బళ్లో నేర్పిన కాస్త ఇంగ్లీషూ వచ్చు, అంతే. తెలుగు మాత్రం మా వీధిలో ఆడుకుంటూ నేర్చుకుంది, కాబట్టి అచ్చం మా అమ్మలాగే మాట్లాడేది.

ఎందుకు రాదంటే అదొక కథ. దాని నాన్న కలకత్తాలో చైనా బడికి రెండేళ్లే వెళ్లాడు, తర్వాత మిషను బడిలో వేశారు. అరవై రెండులో యుద్ధం వచ్చినప్పుడు చైనా మొహం ఉన్న ప్రతివాణ్నీ పోలీసు స్టేషనుకి పిలిచి కాగితాలు రాయించుకున్నారట. ఆ భయంతో ఇంట్లో చైనా అక్షరం ఉన్న ప్రతి కాగితమూ పొయ్యిలో పెట్టేశారు. ఒక్క పుస్తకం మిగిలింది. పళ్ల అచ్చులు తీసే ప్లాస్టరు పొడి డబ్బా అడుగున పడి ఉండటం వల్ల మిగిలింది. అది తాతగారి నిఘంటువు, చైనా అక్షరానికి ఇంగ్లీషులో అర్థం చెప్పేది.

ఇక అసలు సంగతి. ఆ ఏడు ఒక బంధువుల పెళ్లికి కలకత్తా వెళ్లినప్పుడు అది ఒక అబ్బాయిని చూసింది. చెప్పుల కార్ఖానా వాళ్ల అబ్బాయి. ట్రాము దాకా తోడొచ్చాడట, వాన పడుతుంటే గొడుగు దీనికిచ్చి తను తడిశాడట. అంతే, తిరిగొచ్చాక దీనికి అన్నం సయించలేదు. వాళ్లవైపు నుంచే సంబంధం కబురు కూడా వచ్చింది. ఎగిరి గంతేసింది. కానీ అబ్బాయి తల్లి పెట్టిన షరతు ఒక్కటే. కోడలికి చదవడం, రాయడం రావాలి. ఆవిడ తమ వీధి మొత్తానికి ఉత్తరాలు చదివిపెట్టే మనిషట, తన తర్వాత ఆ పని కోడలు చెయ్యాలని ఆవిడ పట్టుదల. కబురు తెచ్చిన పెద్దాయనతో మన పళ్ల డాక్టరు, బోలెడంత మర్యాదతో, "మా అమ్మాయికి అన్నీ వచ్చు" అని అబద్ధమాడేశాడు. మూడు వారాల్లో ఆవిడే స్వయంగా వచ్చి చూస్తానంది.

"నాకు ఆడే కావాలే," అంది నా స్నేహితురాలు. "ఇంకెవుడినీ చేసుకోను. నీ దస్తూరి బాగుంటది కదా, నువ్వే చూడాలి."

మర్నాటి నుంచి దుకాణం వెనక గదిలో బడి పెట్టాం. అటు వైపు ఆయన ఎవరికో పన్ను పీకుతుంటే, ఇటు వైపు మేము నిఘంటువు ముందేసుకుని కూర్చునేవాళ్లం. ముందు ఒక అక్షరం వెతికి చూద్దామని, కలకత్తా నుంచి వచ్చిన సోయా సాసు సీసా తీశాం. సీసా మీద అచ్చేసిన అక్షరాల్లో ఒకటి ఎంచుకున్నాం. ఎడమ పక్క చిన్న పెట్టె, కుడి పక్క కొమ్మలున్న చెట్టులాంటిది.

ఆ నిఘంటువు మన నిఘంటువులాంటిది కాదు. మనకి అ ఆ ఇ ఈ అని వరస ఉంది, ముందు పలికితే తర్వాత దొరుకుతుంది. చైనా అక్షరాన్ని పలకడం రాకపోతే దాని రూపం చూసి వెతకాలి. ప్రతి అక్షరంలోనూ ఒక ముఖ్యమైన ముక్క ఉంటుంది. నీళ్లకి సంబంధించిన వాటికి నీళ్ల ముక్క, చెట్లకి చెట్టు ముక్క. ఇంటిపేరనుకోండి. అలాంటివి రెండువందల పధ్నాలుగు. పుస్తకం మొదట్లో వాటి పట్టీ ఉంటుంది, ఎన్ని గీతలతో రాస్తారో ఆ లెక్క ప్రకారం. ఇంటిపేరు పట్టుకున్నాక, మిగిలిన ముక్కలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి, ఆ ఇంటిపేరు కింద ఆ అంకె ఉన్న చోట వెతకాలి. చెప్పుకోవడానికి బానే ఉంది గానీ, గీత అంటే ఏమిటో మాకెవరు చెప్పాలి?

నేను ఆ పెట్టెని గుండ్రంగా చుట్టేశాను. తెలుగులో చెయ్యెత్తకుండా సున్నా చుట్టినట్టు చుట్టి, ఒకటి అన్నాను. ఒక గీత వరసలో అలాంటిదేమీ లేదు. అయితే పెట్టెకి నాలుగు పక్కలుంటాయి కదా, నాలుగే అంది అది. నాలుగు గీతల వరసలోకి వెళ్తే పెట్టె కనబడింది! మధ్యలో ఒక అడ్డగీత కూడా ఉందిగానీ, సీసా మీద అచ్చు సరిగా పడక చెరిగిపోయి ఉంటుందని తీర్మానించాం. దాని కింద, చెట్టు ముక్కకి ఐదు గీతలు లెక్కపెట్టి చూస్తే, అచ్చం మా అక్షరమే ఉంది. అర్థం: మసక, చీకటి, తెలియనితనం.

మేమిద్దరం సీసా కేసి చూశాం. సాసు నల్లగానే ఉంది. బానే కుదిరింది అనుకుని పడీపడీ నవ్వుకున్నాం. నిజానికి నాకు గర్వం కూడా కలిగింది. ఒక్క పూటలో చైనా భాష పట్టుబడింది అనుకున్నాను.

నవ్వులు విని దాని నాన్న వచ్చాడు, చేతిలో పళ్ల మైనం చెక్కే చాకుతో. సంగతి చెప్తే నెత్తి కొట్టుకున్నాడు. ఆ చాకుతోనే గాల్లో పెట్టె గీశాడు. ఎడమ పక్క పైనుంచి కిందికి ఒకటి. పైన అడ్డంగా వెళ్లి, మూల దగ్గర చెయ్యెత్తకుండా కిందికి తిరిగి రెండు. అడుగున మూత పెట్టి మూడు. నోరు అన్న అక్షరం, మూడు గీతలు. మూడు గీతల వరసలోకి వెళ్లాం. నోటి ఇంటిపేరు కింద, ఐదు గీతల చోట, మా అక్షరం కూర్చునుంది. అర్థం: రుచి. ఆ ఇందాకటి చీకటి అక్షరం సూర్యుడి ఇంటిపేరుది. పెట్టె మధ్యలో ఆ ఒక్క గీత పోయిందనుకుని మేము సూర్యుణ్ని మింగేశాం.

ఆయనకి అర్థాలు దాదాపు ఒక్కటీ గుర్తులేవు. కానీ చేతికి గుర్తుంది. రెండేళ్ల చైనా బడిలో వెదురుబద్దతో వేళ్ల మీద కొట్టి నేర్పారట, ఎలా మరిచిపోతుంది! ఆలోచిస్తే రాదు, ఆలోచించకపోతే వస్తుంది. అందుకని మేము ఆయన్ని పేషెంటు నోట్లో చేతులు పెట్టి ఉన్నప్పుడు అడిగేవాళ్లం. "అంకుల్, నీళ్లు?" అంటే, పరధ్యానంగా ఒక చెయ్యి బయటికి తీసి గాల్లో గీసేవాడు. ముందు మధ్యలో నిలువు గీత, అడుగున కొక్కెం. తర్వాత ఎడమ, ఆ తర్వాత కుడి. నోరు తెరిచి కూర్చున్న పేషెంటు కళ్లు ఆ చెయ్యితోపాటు తిరిగేవి.

అలా సూత్రాలు ఒక్కొక్కటే రాబట్టాం. పైనుంచి కిందికి. ఎడమ నుంచి కుడికి. అడ్డగీత ముందు, దాన్ని దాటే నిలువుగీత తర్వాత. చుట్టూ గోడ ఉన్న అక్షరమైతే, ముందు మూడు వైపులా గోడ, తర్వాత లోపలి సామాను, చిట్టచివర అడుగు గీత. ఇది విని మా అమ్మ, అందులో నేర్చుకోవడానికేముంది, తలుపేసేసినాక సామానెలా లోపలెడతారు అంది. మా అమ్మ ఏ బడికీ వెళ్లలేదు.

చైనా వాళ్ల నిఘంటువు తిక్కలు కూడా తెలుసుకున్నాం. ఎడమ పక్క మూడు చుక్కలు కనబడితే నీళ్ల ఇంటిపేరు. మరి పట్టీలో ఎక్కడుంటుంది? మూడులో ఉండదు, నాలుగులో ఉంటుంది! ఎందుకంటే నీళ్లు అన్న పూర్తి అక్షరానికి నాలుగు గీతలు, ఆ మూడు చుక్కలు దాని ముద్దుపేరు. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ చైనా దేశాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

అయితే అన్నిటికంటే పెద్ద తగువు టోపీ దగ్గర వచ్చింది. నా స్నేహితురాలు పన్నెండేళ్లు హిందీ మీడియంలో చదివింది. హిందీలో ముందు అక్షరాల ఒళ్లు రాసి, చివర్లో తల మీద ఒక్క గీత బరబరా లాగుతాం. నాకూ అలవాటే, పైగా మన తెలుగు తలకట్టు కూడా అక్షరం రాశాకే కదా పెట్టేది. చైనా అక్షరాల్లో మాత్రం పైన అడ్డగీత ఉంటే అదే ముందు రాయాలి. ఇద్దరం చక్కగా ఒళ్లు రాసేసి, చివర టోపీ పెట్టేవాళ్లం. ఆయన లబలబలాడేవాడు. కాగితం మీద చూస్తే ఏ తేడా లేదు కదా అని నేను వాదించాను. దస్తూరి బహుమతులు గెలిచినదాన్ని, నాకా చెప్పేది? రాశాక అక్షరం అందంగా ఉందా లేదా, అదీ చూడాల్సింది.

అప్పుడాయన మైనం చాకు పక్కన పెట్టి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అబ్బాయి తల్లి కాగితం చూడదు, చెయ్యి చూస్తుంది. వరస తప్పితే, ఈ పిల్ల చిన్నప్పుడు నేర్చుకోలేదు, మొన్న నేర్చుకుంది అని ఒక్క గీతకే తెలిసిపోతుంది. అక్షరం అబద్ధం చెప్పగలదు గానీ చెయ్యి చెప్పలేదు. ఆయన మొహం చూస్తే, అబద్ధం చెప్పింది తనేనన్న దిగులు కనబడింది. నేను కాగితం తిప్పి, టోపీ ముందు పెట్టి రాశాను.

ఆ రోజు నుంచి మాకు పిచ్చి పట్టింది. నిద్రలేచింది మొదలు గీతలే. బస్సులో అరచేతి మీద వేలితో రాసేవాళ్లం. కంచంలో పప్పు మీద రాసేవాళ్లం. మా నాన్న ప్లాంటు నుంచి తెచ్చిన గళ్ల కాగితాలు దస్తాలకి దస్తాలు నింపేశాం, గడికొక అక్షరం. కోహ్కా పేటలో వాళ్ల మేడ మీద నీళ్లలో చీపురుపుల్ల ముంచి గచ్చు మీద రాస్తే, ఎండకి మొదటి గీత ముందు ఆరిపోయేది. ఏది ముందు రాశామో ఎండే చెప్పేది. ఒకసారి నేను రేషను క్యూలో నిలబడి గాల్లో రాస్తుంటే వెనకాయన, దీదీ, ఈగలా అని అడిగాడు. మా అమ్మ అయితే నిమ్మకాయ తిప్పి పడేసింది.

"ఏటే అది," అంది, "గాల్లో ముగ్గులేస్తన్నావు? దానికంటే పెళ్లి. నీకేటొచ్చింది?"

నాకేమొచ్చిందో నేనూ చెప్పలేను. అంత సంతోషంగా నా జన్మలో ఎప్పుడూ లేను. తెలియని అక్షరం ఒకటి ఎదురుగా పెట్టుకుని, ఇంటిపేరు పట్టుకుని, గీతలు లెక్కపెట్టి, ఆ చోటికి వెళ్తే అది అక్కడ కూర్చుని ఉంటుంది చూడండీ, ఆ క్షణంలో నాకు చప్పట్లు కొట్టాలనిపించేది. కొట్టేదాన్ని కూడా. అటు వైపు పన్ను పీకించుకుంటున్నవాళ్లు బెదిరిపోయేవాళ్లు.

మూడు వారాలు తిరిగేసరికి దానికి నూటయాభై అక్షరాలు రాయడం వచ్చింది. మిగతావి భగవంతుడి దయ. అబ్బాయి తల్లి రైలు దిగి వచ్చింది. పొట్టిగా, బిగువుగా, తెల్ల చొక్కా, నల్ల పైజామా. అబ్బాయి రాలేదు. నా స్నేహితురాలి మొహం వాడిపోయింది, ఆపైన భయంతో పాలిపోయింది. నేను టీ అందించే నెపంతో గుమ్మం దగ్గరే తిష్ఠ వేశాను. వాళ్ల మాటలు నాకు ముక్క అర్థం కావు, కానీ చెయ్యి చూడటం నాకు వచ్చు కదా.

ఆవిడ తన సంచిలోంచి కాగితం, పెన్ను తీసి దాని ముందు పెట్టింది. ఒక్కో మాటా చెప్తోంది, ఇది రాస్తోంది. నీళ్లు. ముందు మధ్య గీత, తర్వాత పక్కలు, భేషుగ్గా. దేశం. మూడు గోడలు, లోపలి సామాను, అడుగు గీత. తలుపు చివరే వేసింది, నా తల్లే! ఆకాశం. పైన రెండు అడ్డగీతలు, తర్వాత కాళ్లు. నేను ఊపిరి వదిలాను. ఆవిడ నిజంగానే కాగితం కేసి చూడలేదు, దాని వేళ్ల కేసే చూస్తోంది.

తర్వాత "కింద" అన్న మాట చెప్పింది. మూడే మూడు గీతల అక్షరం. పసిపిల్లలు రాసేది. పైన అడ్డగీత, దాని నుంచి కిందికి నిలువుగీత, పక్కన చుక్క. కష్టమైనవన్నీ దాటేశాను కదా అని చెయ్యి ధీమాగా ఉరికింది. నిలువుగీత వేసింది. చుక్క పెట్టింది. చివర్న పైన బర్రున గీత లాగింది, హిందీ బడిలో లాగినట్టు.

అది ఠక్కున ఆగిపోయింది. దాని నాన్న మొహంలో నెత్తురు లేదు.   ఆవిడ టీ తీసుకుంది, నెమ్మదిగా తాగింది, కప్పు కింద పెట్టింది. అయిపోయింది అనుకున్నాను. ఇన్నాళ్ల గీతలూ, గొడుగూ, ట్రామూ అన్నీ ఆ ఒక్క టోపీతో కొట్టుకుపోయాయి. నాకు ఆవిడ మీద కాదు, పన్నెండేళ్లు మాకు హిందీ నేర్పిన టీచర్లందరి మీదా కోపం వచ్చింది.

అప్పుడు ఆవిడ నిఘంటువు వాడటం వచ్చా అని అడిగిందట. ఇది తలూపి పుస్తకం తెచ్చింది. ఆవిడ సంచిలోంచి ఒక ఉత్తరం తీసింది. దాన్ని అటూ ఇటూ మడిచి, ఆ పైన మళ్లీ మడిచి, వేలెడు చోటు మాత్రమే పైకి ఉంచింది. ఆ చోట్లో ఒకే ఒక్క అక్షరం, నీలం సిరాతో, ఎవరో గబగబా రాసింది. ఈ అక్షరానికి అర్థం వెతుకు అందట.

నేను గుమ్మం వదిలి దాని భుజం వెనక్కి వెళ్లిపోయాను, ఎవరూ వద్దనలేదు. అచ్చు అక్షరాలే చూసిన మాకు అది గొలుసుకట్టు రాత. మనవాళ్ల దస్తావేజుల్లో రాత ఎలా ఉంటుందో అలా, చెయ్యెత్తకుండా ఒకదాన్లోకి ఒకటి జారిపోయింది. పైన చుక్క, అడ్డగీత, ఎడమవైపు కిందికి జారిన పొడుగు గీత. చావడి కప్పులా ఉంది. అలాంటి ఇంటిపేరు ఒకటి ఉంది, మూడు గీతలది. ఆ కప్పు కింద గుడారంలాంటి రెండు కాళ్లు, వాటి కింద రాజు. రాజు అంటే మూడు అడ్డగీతల్ని కలిపే నిలువుగీత. మొత్తం ఆరు. ఎడమ అంచున బయట ఒక చిన్న గాటులాంటిది, అది కలిపితే ఏడు.

చావడి ఇంటిపేరు కింద ఏడు గీతల చోటికి వెళ్లింది. లేదు. ఆరుకి వెళ్లింది. లేదు. ఎనిమిది. లేదు. అది పేజీలు ఎంత గబగబా తిప్పుతోందంటే, చిరిగిపోతాయేమోనని నాకు భయం. నేను దాని చెవిలో, రాజుని పైనుంచి మళ్లీ లెక్కపెట్టు అన్నాను. రాజు నాలుగే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగే.

అప్పుడది పుస్తకం వదిలేసి కళ్లు మూసుకుంది. చూపుడు వేలితో అరచేతి మీద ఆ అక్షరాన్ని, ఎవరో రాసినట్టే, అదే వేగంతో రాయడం మొదలుపెట్టింది. చుక్క. అడ్డం. ఎడమకి జారు. అక్కడ ఆగింది. మళ్లీ మొదటి నుంచి రాసింది. జారు గీత తర్వాత వేలు ఎడమవైపుకి వెళ్లి ఆ గాటు పెట్టాలి కదా. ఆ గాటు పైన మొదలై, కిందికి దిగి, మళ్లీ మెలిక తిరిగి పైకి లేచింది. ఒకే గీత ఎక్కడైనా అలా ఊరికే దిగి లేస్తుందా?

"ఒలే," అంది కళ్లు తెరిచి, "ఇది ఒక్కటి కాదే. రెండు. చుక్కెట్టి పైకి లాగాడు, మధ్యలో చెయ్యెత్తలేదు."

అంటే చావడి కాదు. మూడు కాదు, ఐదు గీతలు. ఐదు గీతల పట్టీలోకి ఉరికింది, నేనూ తల దూర్చాను. దొరికింది. చావడి కప్పుకి ఎడమ పక్క రెండు చిన్న గీతలు తగిలించినట్టు ఉండే ఇంటిపేరు. దాని పక్కన ఇంగ్లీషులో అర్థం చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జబ్బు. ఆ ఇంటిపేరుతో ఉండే అక్షరాలన్నీ రోగాలూ, నొప్పులే.

అది భయపడుతూ ఆవిడకి ఆ మాట చెప్పింది. ఆవిడ ఒకే ఒక్క ముక్క అంది. నా స్నేహితురాలు తర్వాత నాకు చెప్పింది, "అది నాకు తెలుసు, మిగతాది చూడు" అందట. అప్పుడు నేను మొదటిసారి ఆవిడ మొహం చూశాను. అది పరీక్ష పెట్టేవాళ్ల మొహం కాదు. ఆస్పత్రి వరండాలో నిలబడ్డవాళ్ల మొహం.

జబ్బు కింద ఆరు గీతల చోటు. వేలు పెట్టుకుని దిగుతోంది. ఒకటి, గాయం. కాదు. రెండు, మొలలు. మామూలుగా అయితే మేమిద్దరం అక్కడే కిందపడి దొర్లి నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వు రాలేదు. మూడు, మచ్చ. నాలుగోది. గుడారం, కింద రాజు. సీసా మీది అక్షరంలా కాదు, ఈసారి ఎక్కడా ఏ గీతా చెరిగిపోలేదు, ఒక్కటీ తేడా లేదు. అది గీత గీతకీ సరిచూసింది, మళ్లీ మొదటి నుంచి సరిచూసింది. అప్పుడు పక్కనున్న ఇంగ్లీషు చదివింది. చదివి, తల పైకెత్తి, తన భాషలో ఒక చిన్న మాట చెప్పింది.

నయమైంది. ఆ అక్షరానికి అర్థం, జబ్బు నయమైంది అని.

ఆవిడ ఇంకోసారి చెప్పమంది. చెప్పింది. పుస్తకం తన వైపు తిప్పుకుని ఇంగ్లీషు రాకపోయినా ఆ చోట వేలు పెట్టి చూసుకుంది. ఆ తర్వాత ఆ ఉత్తరం మడతలు విప్పడం మొదలుపెట్టింది. ఒక మడత, ఇంకో మడత, ఇంకో మడత. విప్పుతూ విప్పుతూ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. నా స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆవిడ మాట్లాడుతున్నదంతా నా చెవిలో మా భాషలోకి తిప్పి పోసింది.

చైనాలో ఆవిడ తల్లి ఉంది. పద్నాలుగో ఏట ఓడెక్కినప్పుడు చూడటమే. ఇంటి దగ్గర తమ్ముడు ఎప్పుడో ఒక ఉత్తరం రాస్తాడు. ఈసారి రాశాడు, అమ్మ జబ్బు, ఆ తర్వాత ఈ అక్షరం. ఆవిడ చదివిన చదువులో ఆ అక్షరం లేదు. జబ్బు ఇంటిపేరు మాత్రం కనబడింది. ముందు జబ్బు అన్న మాట, దాని వెంటనే మళ్లీ జబ్బు ఇంటిపేరు. ఇంకేముంది అనుకుంది. వీధి మొత్తానికి ఉత్తరాలు చదివిపెట్టే మనిషి, నాకిది చదవండి అని ఎవరి దగ్గరికి వెళ్తుంది? సిగ్గు కొంత, కానీ భయమే ఎక్కువ. ఎవరైనా చదివితే అది నిజమైపోతుంది కదా. అందుకని మిగతాది చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. పెట్టుకుని భిలాయి దాకా వచ్చింది.

అప్పుడు నా స్నేహితురాలు చేతులు ఒళ్లో పెట్టుకుని నిజం చెప్పేసింది. తనకి చదువు రాదని, ఇదంతా మూడు వారాల చదువేనని, నాన్న అబద్ధం చెప్పింది తనమీది ప్రేమ వల్లనని. నాన్న తల వంచుకున్నాడు. ఆవిడ వింది. కింద అన్న అక్షరానికి టోపీ చివర పెట్టినప్పుడే తెలుసంది. కళ్లు తుడుచుకుని, దాని అరచెయ్యి పట్టుకుని, ఇందాక వేలితో గీసుకున్న చోట బొటనవేలితో నిమిరింది. ఏదో అంది. నాకు తిప్పి చెప్పాల్సిన స్నేహితురాలు నోరు తెరిచి ఊరుకుంది. నేను మోచేత్తో పొడిచాను.

"అన్నీ వచ్చిన దాన్ని, రెండు నెల్లు మడతెట్టుకుని తిరిగాను అంటందే," అంది. "నీకేటీ రాకపోయినా విప్పి చూశావు. నా కాడుండు, అంటంది."

ఆ మాటకి ఆ గదిలో అందరికంటే ముందు భోరుమన్నది నేనే. ఆవిడ నా కేసి ఆశ్చర్యంగా చూసి, ఎవరీ పిల్ల అని అడిగింది.